చుక్క తర్వాతి అంకె: ఛేదనలో బంతుల లెక్క

(క్రికెట్ స్కోరర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పరిచయాలు ఉదయమే అయిపోయాయి కాబట్టి నేరుగా బోర్డు దగ్గరికి వెళ్తాను. ఇక్కడ రెండు అంకెలు రాస్తున్నాను. పైన 40, కింద 27.3. మొత్తం ఓవర్లు నలభై, పడినవి 27.3. ఇంకా ఎన్ని మిగిలాయి?

పన్నెండు పాయింట్ ఏడు అని వెనక వరుసలో ఎవరో అన్నారు. పేరు అడగనులెండి. ఆ జవాబునే ఒకసారి చూడండి. 12.7 ఓవర్లు అంటే పన్నెండు ఓవర్ల ఏడు బంతులు. ఓవరుకు ఆరు బంతులే కదా, ఏడోది ఎక్కడి నుంచి వచ్చింది? చుక్క తర్వాత 6, 7, 8, 9 కనిపించాయంటే ఎక్కడో దశాంశాల తీసివేత చేశామని అర్థం. ఈ తప్పు తనంతట తానే బయటపడుతుంది, అది మన అదృష్టం. బయటపడకుండా దాక్కునే రకం కూడా ఒకటి ఉంది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. అక్కడ పొలం కాగితంలో రెండెకరాల ఇరవై గుంటలు అని ఉంటే అది రెండున్నర ఎకరాలు, ఎందుకంటే ఎకరానికి నలభై గుంటలు. ఆంధ్రలో సెంట్ల లెక్క. ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి రెండెకరాల ఇరవై సెంట్లంటే 2.20 ఎకరాలే. రెండూ కాగితం మీద ఒకేలా కనిపించవచ్చు, పొలంలో మాత్రం ముప్పై సెంట్ల తేడా ఉంటుంది. ఓవర్ల చుక్క గుంటల లాంటిది, సెంట్ల లాంటిది కాదు. చుక్కకు అవతల ఉన్నది పదో వంతు కాదు, ఆరో వంతు.

బోర్డు మీద రాసిన 27.3 నేను ఊహించినది కాదు. 2012 ఫిబ్రవరి 28న హోబర్ట్‌లో భారత్, శ్రీలంక ఆడిన మ్యాచ్‌లోది. ముక్కోణపు సిరీస్‌లో మనకు చివరి లీగ్ మ్యాచ్ అది. శ్రీలంక 50 ఓవర్లలో 320 చేసింది. గెలిస్తే సరిపోదు, బోనస్ పాయింటు కూడా వస్తేనే మనకు ఆశ మిగులుతుంది. ఆ పాయింటు రావాలంటే మన రన్‌రేటు ప్రత్యర్థి రన్‌రేటుకు ఒకటింబావు రెట్లు ఉండాలి. శ్రీలంకది ఓవరుకు 6.4. ఒకటింబావు రెట్లంటే 8. 321 పరుగులను ఓవరుకు 8 చొప్పున చేయడానికి ఎన్ని బంతులు పడతాయో చూద్దాం. 321ని ఆరుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే 240.75 వస్తుంది. ముప్పావు బంతి అనేది లేదు కాబట్టి 240, అంటే సరిగ్గా నలభై ఓవర్లు. 241వ బంతికి గెలిస్తే రేటు 7.99కి జారిపోతుంది, బోనస్ రాదు. ఆ 240.75ని దగ్గరి పూర్ణాంకానికి సవరించి 241 అని ఎవరైనా డ్రెస్సింగ్ రూముకు చెప్పి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. గడువు లెక్కలో భిన్నం వస్తే ఎప్పుడూ కిందికే దించాలి. 240.99 వచ్చినా 240 అనే రాయాలి.

గంభీర్ రనౌట్ అయినప్పుడు స్కోరు 3 వికెట్లకు 201, ఓవర్లు 27.3. ఇంకా 120 పరుగులు కావాలి. ఇప్పుడు మన లెక్క చేద్దాం. పడిన బంతులు: ఇరవై ఏడు ఆర్లు 162, దానికి 3 కలిపితే 165. మొత్తం 240. మిగిలినవి 75. కావలసిన రన్‌రేటు 120 ఇంటూ 6 బై 75, అంటే 9.6. మన వెనక వరుస మిత్రుడి 12.7తో భాగిస్తే 9.45 వచ్చేది. తేడా చిన్నదే. అయితే అది ఎటువైపు వచ్చిందో గమనించండి. రేటు అసలు కంటే తక్కువగా కనిపించింది. మూడు బంతులను ఓవరులో పదింట మూడు వంతులుగా చూశాం, నిజానికి అవి సగం ఓవరు. పడిన బంతులు తక్కువ అనుకున్నాం కాబట్టి మిగిలినవి ఎక్కువగా తోచాయి. ఈ తప్పు ఎప్పుడూ ఛేదించే జట్టుకు లేని ధైర్యాన్నే ఇస్తుంది, పొరపాటున కూడా జాగ్రత్త వైపు మొగ్గదు. ఓవరులో పడిన ప్రతి బంతికీ 0.4 బంతి చొప్పున లేని బంతులు పుట్టుకొస్తాయి. ఐదు బంతులు పడి ఉంటే రెండు బంతులు ఉచితం!

ఆ మ్యాచ్ ఎలా ముగిసిందో మీకు గుర్తుండే ఉంటుంది. కోహ్లీ 86 బంతుల్లో 133 నాటౌట్. మలింగ 7.4 ఓవర్లలో 96 పరుగులు ఇచ్చాడు. 36.4 ఓవర్లలో, అంటే 220 బంతుల్లో పని పూర్తయింది. తర్వాత శ్రీలంక ఆస్ట్రేలియాను ఓడించి ఫైనల్‌కు వెళ్లిపోయింది, మనం ఇంటికి వచ్చాం. అది వేరే బాధ.

ఇప్పుడు దాక్కునే రకం తప్పు. ఇరవై ఓవర్ల మ్యాచ్, 18.5 ఓవర్లు పడ్డాయి, ఇంకా 14 పరుగులు కావాలి. 20లోంచి 18.5 తీసేస్తే 1.5. చుక్క తర్వాత ఐదు ఉంది, చూడటానికి ఏ వంకా కనిపించదు. ఈ 1.5ని ఒకటిన్నర ఓవరుగా చదివినవాడు తొమ్మిది బంతులు అంటాడు. ఒక ఓవరు ఐదు బంతులుగా చదివినవాడు పదకొండు అంటాడు. నిజంగా ఉన్నవి ఏడు. 120లోంచి 113 తీసేస్తే ఏడు, అంతే. రేటు 12. తొమ్మిది బంతులనుకుంటే 9.33, పదకొండు అనుకుంటే 7.64. ఒక ఊళ్లో జరిగిన టోర్నమెంటులో ఇదే లెక్కతో మైకులో పదకొండు బంతులని చెప్పారు. బ్యాట్స్‌మన్ దాన్ని నమ్మి రెండు బంతులు నిదానంగా ఆడాడు. స్కోరు పుస్తకం రాస్తున్నది నేనే. మైకు దగ్గరికి వెళ్లి చెప్పేసరికి ఓవరు మారిపోయింది. ఆ రోజు నుంచి నా పుస్తకం అంచున 'మిగిలిన ఓవర్లు' అని రాయడం మానేసి, మిగిలిన బంతులే రాస్తున్నాను.

వైడు, నోబాల్ సంగతి అడుగుతారని తెలుసు. అవి పరుగులను తగ్గిస్తాయి, బంతులను తగ్గించవు. ఒక బంతికి మూడు కావాలంటే, వైడు పడ్డాక ఒక బంతికి రెండు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మ్యాచ్ దగ్గరికి వస్తాను. 2023 సెప్టెంబరు 5, లాహోర్, ఆసియా కప్, శ్రీలంక మీద అఫ్గానిస్తాన్. ఇందులో రషీద్ ఖాన్, మహమ్మద్ నబీ ఉన్నారు. సన్‌రైజర్స్‌కు ఆడిన రోజుల నుంచి వాళ్లిద్దరూ హైదరాబాద్‌లో ఇంటి మనుషుల్లాంటివాళ్లు. శ్రీలంక 8 వికెట్లకు 291 చేసింది. లక్ష్యం 292. టీవీలో కావలసిన రన్‌రేటు 5.84 అని పడింది. ఆ జట్టుకు నిజంగా కావలసినది మాత్రం 7.86. ఎందుకంటే మామూలుగా గెలిస్తే వాళ్లకు సూపర్ ఫోర్‌లో చోటు రాదు, 37.1 ఓవర్లలోపు గెలవాలి. అంటే 223 బంతులు.

ఈ 37.1 ఎక్కడిది? ఆ రోజు చాలామంది ఈ అంకెను చెప్పారు, ఎలా వచ్చిందో చెప్పినవాళ్లు తక్కువ. మనం స్కోరర్లం కాబట్టి తవ్వి చూద్దాం.

గ్రూపులో మూడు జట్లు. అఫ్గానిస్తాన్ గెలిస్తే మూడింటికీ రెండేసి పాయింట్లు వచ్చి నెట్ రన్‌రేటు తేలుస్తుంది. బంగ్లాదేశ్ ప్లస్ 0.373తో భద్రంగా కూర్చుంది. కాబట్టి అఫ్గానిస్తాన్ దాటవలసింది శ్రీలంకనే. నెట్ రన్‌రేటు అంటే టోర్నీ మొత్తంలో మనం ఓవరుకు చేసిన పరుగుల్లోంచి ఓవరుకు ఇచ్చిన పరుగులు తీసేయడం. ఒక జట్టు ఆలౌట్ అయితే అది ఆడిన ఓవర్లు కాక మొత్తం 50 ఓవర్లూ లెక్కలోకి వస్తాయి. ఇది గుర్తుంచుకోండి, ఇక్కడ రెండుసార్లు అవసరమవుతుంది.

అఫ్గానిస్తాన్ అంతకు ముందు బంగ్లాదేశ్ మీద 44.3 ఓవర్లలో 245కు ఆలౌట్ అయింది. లెక్కకు 50 ఓవర్లు. ఇచ్చినవి అప్పుడు 334, ఇప్పుడు 291, మొత్తం నూరు ఓవర్లలో 625, అంటే ఓవరుకు 6.25. శ్రీలంక చేసినవి బంగ్లాదేశ్ మీద 39 ఓవర్లలో 165, ఇప్పుడు 50 ఓవర్లలో 291. మొత్తం 89 ఓవర్లలో 456, అంటే ఓవరుకు 5.1236. ఇచ్చినవి బంగ్లాదేశ్‌కు 164. వాళ్లు 42.4 ఓవర్లలో ఆలౌట్ అయ్యారు కాబట్టి ఇక్కడా 50 ఓవర్లే. దానికి ఇప్పుడు అఫ్గానిస్తాన్ చేయబోయే పరుగులు కలుస్తాయి.

ఇక్కడ ఒక చక్కని విషయం ఉంది. అఫ్గానిస్తాన్ చేసిన పరుగుల కింద ఉన్న ఓవర్లు 50 ప్లస్ ఈ ఇన్నింగ్స్. శ్రీలంక ఇచ్చిన పరుగుల కింద ఉన్న ఓవర్లూ అవే. హారం ఒకటే కాబట్టి రెండు లవాలనూ కలిపేయవచ్చు. 245 ప్లస్ 164 అంటే 409. దానికి ఈ ఇన్నింగ్స్ స్కోరు రెండుసార్లు కలుస్తుంది. ఆ మొత్తాన్ని ఓవర్లతో భాగిస్తే వచ్చేది 6.25, 5.1236ల మొత్తమైన 11.3736 కంటే ఎక్కువ ఉండాలి. లెక్కంతా ఇంతే.

స్కోరు 292 అనుకోండి. 409కి 584 కలిపితే 993. బంతుల్లో చేయాలి కాబట్టి ఆరుతో గుణిస్తే 5958. దాన్ని 11.3736తో భాగిస్తే 523.845. అందులోంచి పాత 50 ఓవర్ల 300 బంతులు తీసేస్తే 223.845. కిందికి దించితే 223. ఆరుతో భాగిస్తే ముప్పై ఏడు, శేషం ఒకటి. 37.1.

ఇదే పని ఓవర్లలో చేసి ఉంటే 37.31 అని వచ్చేది. దాన్ని చూసి 37.3 ఓవర్లు అని చదివితే 225 బంతులు అవుతాయి, రెండు బంతులు దొంగలెక్క. ఓవర్లను బంతుల్లోకి మార్చేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. తిరిగి ఓవర్లలోకి వచ్చేటప్పుడే జారుతారు.

ఇప్పుడు మైదానంలోకి వెళ్దాం. నబీ 32 బంతుల్లో 65 కొట్టి ఆటను అందుబాటులోకి తెచ్చాడు. చివర్లో రషీద్ బౌండరీలు బాదాడు. 37 ఓవర్లు ముగిసేసరికి 8 వికెట్లకు 289. గెలవడానికి కావలసిన రన్‌రేటు ఎంతో తెలుసా? 78 బంతుల్లో 3 పరుగులు, అంటే ఓవరుకు 0.23. ముందుకు వెళ్లడానికి కావలసినది ఒక బంతికి మూడు, అంటే ఓవరుకు 18. ఒకే స్కోరు, ఒకే క్షణం, రెండు రేట్లు. అందుకే చివరి రెండు ఓవర్లలో నేను రేటు అనే మాటనే వాడను. ఇన్ని బంతుల్లో ఇన్ని పరుగులు అంటాను.

37.1వ బంతికి ముజీబ్ భారీ షాట్‌కు వెళ్లి క్యాచ్ అయ్యాడు. అవతలి ఎండ్‌లో రషీద్ నిలబడిపోయాడు. 2022 అక్టోబరు నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం క్యాచ్ అవుట్ అయితే, బ్యాట్స్‌మెన్ ఒకరినొకరు దాటినా సరే, ఓవరు మధ్యలో కొత్తవాడే స్ట్రైక్ తీసుకోవాలి. వచ్చినవాడు పదకొండో నంబరు ఫారూఖీ. అఫ్గానిస్తాన్ శిబిరం ముఖాలు వాడిపోయాయి, 37.1 దాటిపోయింది కాబట్టి అంతా అయిపోయిందనుకున్నారు.

(శ్రోతల్లో ఒకరు: అయిపోలేదా మాస్టారూ?)

కాలేదమ్మా. అదే చెప్పబోతున్నాను. 37.1 అనేది స్కోరు సరిగ్గా 292 దగ్గర ఆగితే ఉండే గడువు. క్రికెట్‌లో చివరి దెబ్బ లక్ష్యాన్ని దాటి వెళ్లవచ్చు. 289 మీద సిక్స్ కొడితే స్కోరు 295 అవుతుంది. అప్పుడు గడువు కూడా మారుతుంది. ఎంత మారుతుందో చూద్దాం. మన సూత్రంలో స్కోరు రెండుసార్లు వస్తుంది కాబట్టి అదనపు పరుగుకు లవంలో రెండు, ఆరుతో గుణిస్తే పన్నెండు పెరుగుతుంది. పన్నెండును 11.3736తో భాగిస్తే 1.055. అంటే ఒక్కో అదనపు పరుగుకు బంతికి పైగా గడువు పెరుగుతుంది.

223.845 నుంచి మొదలుపెట్టి ఒక్కో 1.055 కలుపుతూ పోదాం. 293కు 224.9, దించితే 224 బంతులు, 37.2 ఓవర్లు. 294కు 225.955, దించితే 225, 37.3 ఓవర్లు. 295కు 227.01. ఇక్కడ చూడండి, ఆ 0.055లు మెల్లగా పోగై గీత దాటాయి. ఒక బంతికి బదులు రెండు బంతులు పెరిగాయి: 227, అంటే 37.5. 296కు 228, అంటే సరిగ్గా 38 ఓవర్లు. 297కు 229, అంటే 38.1.

ఆ 295 దగ్గర కాస్త ఆగుదాం. 227.01 అన్నాను. 227 బంతుల్లో 295 చేస్తే నెట్ రన్‌రేట్లు ఎలా ఉంటాయి? అఫ్గానిస్తాన్‌ది మైనస్ 0.10199, శ్రీలంకది మైనస్ 0.10221. మూడు దశాంశాలకు కుదిస్తే రెండూ మైనస్ 0.102. పట్టిక చూసి తేల్చలేం. దశాంశాలను పూర్తిగా వదిలేసి, భిన్నాలను అడ్డంగా గుణించి పూర్ణాంకాల్లో చూస్తేనే తేలుతుంది. 456 బై 89కి 6.25 కలిపితే 101225 బై 8900. కాబట్టి ఒక పక్క 999 ఇంటూ 6 ఇంటూ 8900, మరో పక్క 101225 ఇంటూ 527. మొదటిది 5,33,46,600. రెండోది 5,33,45,575. తేడా 1,025. ఐదు కోట్ల ముప్పై మూడు లక్షల చిల్లరలో వెయ్యి! అయినా ఎక్కువే ఎక్కువ, అఫ్గానిస్తాన్ పైన ఉంటుంది. మీ ఫోనులోని కాలిక్యులేటర్ కూడా ఈ గుణకారం చేస్తుంది. ఆ మధ్యాహ్నం ఎవరో ఒకరు ఈ ఐదు జతలనూ ఒక చీటీ మీద రాసి పన్నెండో ఆటగాడి చేతిలో పెట్టి ఉంటే సరిపోయేది. శ్రీలంక ఇన్నింగ్స్ ముగిసిన క్షణం నుంచి ఈ లెక్కలో తెలియని అంకె ఒక్కటీ లేదు. చేయడానికి విరామ సమయమంతా ఉంది.

మ్యాచ్ తర్వాత కోచ్ జోనథన్ ట్రాట్ ఇదే చెప్పారు. తమకు తెలిసింది 37.1 మాత్రమేనని, 295కో 297కో ఎన్ని ఓవర్లు ఉన్నాయో తమకు ఎవరూ తెలియజేయలేదని.

(మరొకరు: స్కోరు సమం చేసి ఆగితే లాభమా?)

మంచి ప్రశ్న. 291 దగ్గర ఉన్నారనుకోండి. అక్కడ ఒక పరుగు తీస్తే 292, గడువు ఎప్పుడో దాటింది కాబట్టి గెలిచి ఇంటికి వెళ్తారు. నాలుగు కొడితే 295, 37.5 వరకు సమయం ఉంది. సిక్స్ కొడితే 297, 38.1 వరకు ఉంది. కాబట్టి 291 మీద సింగిల్ తీయడమే నేరం! రెండు పరుగులు తీసినా 293, దానికి 37.2 దాటకూడదు. గెలుపు పరుగును కావాలని వదులుకుని బౌండరీ కోసం చూడాలి. ఇలాంటి ఆట టీవీలో చూస్తే బ్యాట్స్‌మన్‌కు మతి పోయిందనుకుంటాం.

ఇప్పుడు ఆ ఓవరును ఈ చీటీ పట్టుకుని మళ్లీ చూడండి. ధనంజయ డి సిల్వా బౌలింగ్. 9 వికెట్లకు 289. ఫారూఖీకి ఈ సంగతులేవీ తెలియవు, వికెట్ కాపాడుకుంటే తర్వాత రషీద్ చూసుకుంటాడనుకుని ఉంటాడు. 37.2 డిఫెన్స్ ఆడాడు. ఆ బంతికి నాలుగు వచ్చినా 293తో వాళ్లు ముందుకు వెళ్లేవారు. 37.3 మళ్లీ డిఫెన్స్. ఒక సింగిల్ తీసి ఉంటే 290 మీద రషీద్ స్ట్రైక్‌కు వచ్చేవాడు. అప్పటికే 16 బంతుల్లో 27 మీద ఉన్నాడు, సిక్స్ కొడితే 296, 38 ఓవర్లు ముగిసేదాకా సమయం, అంటే అతని చేతిలో మూడు బంతులు. 37.4కు ఫారూఖీ ఎల్‌బీడబ్ల్యూ. 289 ఆలౌట్, శ్రీలంక రెండు పరుగులతో గెలిచింది.

పడిన బంతులు 226. 295కు గడువు 227.